అసెంబ్లీలో పడిపోయిన ప్రతి బిడ్డదీ 'నీరసం' కాదు: విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు బహిరంగ లేఖ

జిల్లా, మండల విద్యాశాఖాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు

నమస్కారం.

నేను పల్నాడులో ఒక మండల కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న జనరల్ ఫిజీషియన్‌ని. బడి అసెంబ్లీలో స్పృహ తప్పి పడిపోతున్న పిల్లల విషయమై సోమవారం అర్జీల్లో రెండుసార్లు కాగితం ఇచ్చాను. మొదటిది సెప్టెంబరులో, రెండోది జనవరిలో. రెండింటికీ రసీదు ఇచ్చారు. మొదటిదాన్ని పరిష్కరించినట్టు ఫోనుకు మెసేజీ కూడా వచ్చింది. కానీ ఏ బడిలోనూ ఏమీ మారలేదు, నన్ను పిలిచి అడిగినవారూ లేరు. జూన్ 12కి బళ్లు తెరుస్తారు. జూలై ఆఖరుకల్లా పంద్రాగస్టు రిహార్సళ్లు మొదలవుతాయి. ఈలోపు మీ చెవిన పడాలని ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

ఇద్దరు పిల్లల సంగతి చెప్తాను. ఒకే బడి, ఒకే మైదానం, రెండు నెలల తేడా. ఇద్దరి తల్లిదండ్రులూ రాయమనే అన్నారు. పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను. బడి రిజిస్టరులో ఇద్దరి పేర్ల ఎదురుగా ఒకటే మాట ఉంది: 'ఎండకు కళ్లు తిరిగి పడిపోయెను.' ఒకడిది నిజంగా అదే. రెండో బిడ్డది కాదు. ఆ తేడా కనిపెట్టడానికి పెద్దాసుపత్రి అక్కర్లేదు. పడిపోయే ముందు నిమిషంలో ఏం జరిగిందో ఎవరైనా అడిగి ఉంటే సగం తెలిసిపోయేది. మిగతా సగం ఒక ఈసీజీ కాగితం మీద ఉంది.

మొదటివాడు తొమ్మిదో తరగతి, 14 ఏళ్లు. బళ్లు తెరిచిన రెండో వారం. మృగశిర కార్తె వచ్చినా చినుకు పడలేదు. రెంటచింతల పక్కన బతికేవాళ్లకు జూన్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, తొమ్మిది గంటలకే నేల కాలుతోంది. పిల్లాడు తెల్లారే ట్యూషన్‌కు వెళ్లి, అట్నుంచి అటే బస్సెక్కి బడికి వచ్చాడు. టిఫిన్ తినలేదు, నీళ్లు తాగలేదు. ఆ రోజు ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక ప్రకటనలు, ప్రసంగాలు కలిపి నలభై నిమిషాలు వరసలో నిలబెట్టారు. వాడి మాటల్లోనే చెప్తాను: "ముందు కడుపులో తిప్పింది సార్. చెవుల్లో గుయ్‌మంది. చెమటలు పట్టాయి గానీ ఒళ్లు చల్లగా ఉంది. ముందున్నోళ్ల చొక్కాలు తెల్లగా కనబడలా, బూడిదరంగు అయిపోయాయి." వరస చివర నిలబడ్డ లీడరుకు చెప్పాడట. కదలొద్దన్నారు. రెండు నిమిషాల తర్వాత మెల్లగా ఒరిగిపోయాడు.

పడ్డాక చేతులు, కాళ్లు నాలుగైదుసార్లు కొట్టుకున్నాయి. అంతే, 'ఫిట్స్' అన్నారు. చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఇద్దరు పిల్లలు చంకల కింద చేతులేసి లేపి, స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలో కూర్చోబెట్టి పట్టుకున్నారు. కుర్చీలో ఉన్నంతసేపూ తల వాలిపోతూనే ఉంది, చేతులు మళ్లీ కొట్టుకున్నాయి. ఒక టీచరమ్మ ఇక లాభం లేదని నేల మీద పడుకోబెట్టిస్తే పది సెకన్లలో కళ్లు తెరిచి ఆవిడను పేరుపెట్టి పలకరించాడు.

ఇక్కడ ఒళ్లు ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే మీ అసెంబ్లీ పద్ధతి మార్చమని నేను అడగడానికి కారణం అదే. మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి జారుతుంది. నడుస్తుంటే పిక్కల కండరాలు ఆ రక్తాన్ని పిండి పైకి తోస్తుంటాయి. కదలకుండా అటెన్షన్‌లో నిలబెడితే ఆ పంపు ఆగిపోతుంది. పైగా ఎండకు చర్మం కింది రక్తనాళాలు వెడల్పై రక్తం అక్కడ నిలుస్తుంది, చెమట రూపంలో నీరు పోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గేకొద్దీ గుండె వేగంగా కొట్టుకుంటూ కాసేపు నెట్టుకొస్తుంది. ఒక హద్దు దాటాక శరీరం ఒక్కసారిగా ఎదురుతిరుగుతుంది. వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది, రక్తనాళాలు సడలుతాయి, బీపీ పడిపోతుంది. మెదడుకు ఆరేడు సెకన్లు రక్తం అందకపోతే చాలు, స్పృహ పోతుంది. దీన్ని మేం వేసోవేగల్ సింకోపీ అంటాం. మన ఊళ్లలో పెద్దవాళ్లు 'శోష వచ్చింది' అనేది చాలావరకు దీన్నే. టీనేజీ పిల్లలు స్పృహ తప్పడానికి అన్నిటికంటే ఎక్కువగా కనబడే కారణం ఇదే, దీనివల్ల ప్రాణాపాయం లేదు.

అడ్డంగా పడడంతోనే రక్తం తలకు చేరి తెలివి వస్తుంది. అందుకే పడిన పిల్లాణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం చాలా తప్పు. మెదడుకు రక్తం అందనివ్వకుండా మనమే ఆపుతున్నట్టు. ఆ పిల్లాడు రెండోసారి కొట్టుకున్నది కుర్చీలోనే. శోషలో కూడా కొన్ని కుదుపులు రావడం మామూలే. అవి పడిన తర్వాత మొదలవుతాయి, సాధారణంగా పదిహేను సెకన్లలోపే ఆగుతాయి, తెలివి రాగానే పిల్లలు మనుషుల్ని గుర్తుపడతారు. మూర్ఛ అయితే కుదుపులు నిమిషం పైనే సాగుతాయి, నాలుక పక్క అంచున కొరుక్కోవచ్చు, లేచాక చాలాసేపు తికమకగా ఉంటారు. ఈ తేడా ఎవరూ చూడలేదు. 'ఫిట్స్' అని రిజిస్టరు పక్కన పెన్సిల్‌తో రాసిన ఒక్క మాట ఆసుపత్రి చీటీలోకి ఎక్కింది. తలకు స్కానింగు, ఈఈజీ, మూర్ఛ మాత్రలు. కౌలు రైతు తండ్రి ఆ నెలలో 18 వేలు ఖర్చుపెట్టాడు. ఐదు నెలలు మాత్రలు మింగిన పిల్లాడు క్లాసులో నిద్రపోయేవాడు. కబడ్డీ జట్టులోంచి తీసేశారు. నా దగ్గరికి వచ్చాక పడుకోబెట్టి బీపీ చూశాను, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూశాను, ఈసీజీ తీశాను. అన్నీ బాగున్నాయి. వాడు చెప్పిన చెవుల గుయ్యిమనడం, చల్లటి చెమట, బూడిదరంగు చొక్కాలే నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం. న్యూరాలజిస్టుతో మాట్లాడాక ఆయనే మాత్రలు మెల్లగా తగ్గించి ఆపించారు.

ఇక రెండో బిడ్డ. పదో తరగతి, 15 ఏళ్ల అమ్మాయి. ఆగస్టు 13న పరేడ్ రిహార్సల్. టిఫిన్ తినే వచ్చింది. వరసలో నిలబడి ఐదారు నిమిషాలే అయింది. ఉక్కపోతగా ఉన్నమాట నిజమే. పక్కనున్న స్నేహితురాలితో నవ్వుతూ ఏదో చెబుతోంది. వెనక నుంచి పెద్ద డ్రమ్ము మొదటి దెబ్బ పడింది. ఆ దెబ్బతోపాటే బోర్లా పడిపోయింది.

ఈ పడడాన్ని స్నేహితురాలు చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది: "చెట్టు నరికితే పడ్డట్టు పడింది." చేతులు అడ్డం పెట్టుకోలేదు. పైపెదవి చీలింది, ముందు పన్ను విరిగింది. ముందుగా కడుపులో తిప్పడం లేదు, చెమట లేదు, కళ్లు బైర్లు కమ్మడం లేదు. అర నిమిషంపాటు గురక పెట్టినట్టు ఊపిరి తీసి, తర్వాత లేచి కూర్చుంది. జూన్‌లో ఆ అబ్బాయి కూడా ఇలాగే పడ్డాడు కదా అని ఎవరికీ అనుమానం రాలేదు. గ్లూకోజు నీళ్లు ఇచ్చారు. ఆసుపత్రిలో పెదవికి కుట్లేసి, సెలైన్ ఎక్కించి, నీరసం అని రాసి పంపారు. బీపీ చూశారు. ఈసీజీ తీయలేదు.

నాలుగు రోజులకు కుట్లు తీయించుకోవడానికి తల్లితో నా దగ్గరికి వచ్చింది. ఎలా పడ్డావమ్మా అని అడిగితే డ్రమ్ము సంగతి చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డావా అని అడిగాను. పోయిన సంక్రాంతి ముందు, తెల్లవారుజామున చదువుకోవడానికి ఫోన్లో అలారం పెట్టుకుని పడుకుందట. అది మోగగానే లేవబోయి మంచం మీంచి పడి కొట్టుకుంది, బట్టలు తడిసిపోయాయి. ఇంట్లో ఫిట్స్ అనుకుని తాయెత్తు కట్టించారు. మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా అని తల్లిని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెల్లెలి గురించి చెప్పింది. 23 ఏళ్లు, బాలింత, ఆరో వారం. రాత్రి పసిబిడ్డ కేకపెట్టి ఏడిస్తే ఉలిక్కిపడి లేచి, అక్కడికక్కడే కుప్పకూలింది. గాలి సోకిందన్నారు.

హఠాత్తుగా వినబడే శబ్దం, నిద్రలోంచి ఉలిక్కిపడి లేవడం, బాలింత దశ: ఈ మూడూ ఒకచోట చేరితే గుర్తుకు రావాల్సిన జబ్బు ఒకటుంది. దాని పేరు లాంగ్ క్యూటీ సిండ్రోమ్, అందులో రెండో రకం. గుండె ప్రతిసారీ కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకోవడానికి విద్యుత్తుపరంగా సిద్ధం కావాలి. వీళ్లలో ఆ సిద్ధమవడానికి పట్టే సమయం పుట్టుకతోనే ఎక్కువ. ఆ సమయంలో ఒక్కసారిగా భయమో శబ్దమో గుండెను తాకితే లయ తప్పుతుంది. గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. రక్తం ఎటూ పోదు. చాలాసార్లు కొన్ని సెకన్లలో దానంతటదే సర్దుకుంటుంది, పిల్ల లేచి కూర్చుంటుంది, చూసేవాళ్లకు మామూలు శోషలాగే ఉంటుంది. సర్దుకోని రోజున బిడ్డ చనిపోతుంది. మొదటి రకంలో పరుగు, ఈత ప్రమాదం తెస్తాయి. బాగా ఈత వచ్చినవాడు కాలవలో మునిగిపోయాడంటే ఆ ఇంట్లో మిగతా పిల్లలకు ఈసీజీ తీయాలనే నేను అంటాను.

ఈసీజీ కాగితం చదవడం ఎలాగో కూడా చెప్తాను. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు జరుగుతుంది, కాబట్టి ఒక చిన్న గడి 0.04 సెకను. ఆ అమ్మాయి కాగితంలో ఒక స్పందన నుంచి తర్వాతి స్పందన దాకా 20 చిన్న గడులు, అంటే 0.8 సెకను, నిమిషానికి 75 స్పందనలు. క్యూ అనే గుర్తు మొదలు నుంచి టీ అనే అల చివరిదాకా 11 గడులు, అంటే 0.44 సెకను. ఈ రెండో కొలతను గుండె వేగానికి సరిచేయాలి: 0.44ను 0.8 వర్గమూలంతో భాగిస్తే 0.49 సెకను, అంటే 490 మిల్లీసెకన్ల పైన. 480 దాటిన కొలత మళ్లీ తీసినప్పుడూ అంతే ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క. స్పృహ తప్పిన పిల్లల్లో 460 దాటినా పట్టించుకోవాలి. లెక్క రాకపోయినా, గుండె మరీ వేగంగా, మరీ నెమ్మదిగా లేనప్పుడు, క్యూటీ భాగం రెండు స్పందనల మధ్య దూరంలో సగం దాటిందా అని చూస్తే చాలు. ఇక్కడ 20లో సగం 10, ఆమెది 11. ముందు చెప్పిన అబ్బాయి కాగితంలో 18 గడుల మధ్య ఎనిమిదిన్నర గడులే ఉంది, సరిచేస్తే 400. మెషీను మాత్రం అమ్మాయి కాగితం మీద నార్మల్ అని అచ్చువేసింది. దాన్ని నమ్మి ఊరుకోకూడదు. టీ అల చదునుగా, నడుమ చీలినట్టు ఉంటే మెషీన్లు దాని చివరను పొరబడతాయి.

గుంటూరులో, తర్వాత విజయవాడలో గుండె లయ నిపుణుడు చూశారు. టూడీ ఎకో నార్మల్ వచ్చింది. ఇది తల్లిదండ్రులంతా తెలుసుకోవాలి: ఎకో గుండె గోడలు, కవాటాలు ఎలా ఉన్నాయో చూపిస్తుంది, లోపలి విద్యుత్తును చూపించదు. ఎకో బాగుంది కాబట్టి గుండె బాగుందనుకోవడం తప్పు. రెండోసారి తీసిన ఈసీజీలోనూ అదే కొలత. తల్లికి కూడా తీశారు, ఆవిడదీ ఎక్కువే. ఇద్దరికీ రోజూ ప్రొప్రనొలాల్ ఇచ్చారు, ఒక్క పూట కూడా మానకూడదన్నారు. తలగడ పక్కన అలారం తీసేశారు. గుండె సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని ఇంకా పెంచుతాయి కాబట్టి వాడకూడని మందుల చీటీ రాసిచ్చాం. అందులో అజిత్రోమైసిన్ ఉంది, వాంతులకు ఇచ్చే డోంపెరిడాన్, ఆన్డాన్‌సెట్రాన్ ఉన్నాయి, తామరకు వాడే ఫ్లూకోనజోల్ ఉంది. మన ఊళ్లలో గొంతు నొప్పికీ, వాంతులకూ షాపులో అడిగితే ఇచ్చేవి ఇవే. ఆ అమ్మాయికి 'నీరసం' అన్న పేరు అలాగే ఉండిపోయి ఉంటే, ఏదో ఒక జలుబుకు ఇవి పడేవి.

ఈ జబ్బు సుమారు రెండు వేలమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. పదివేలమంది పిల్లలున్న మండలంలో ఐదుగురు. వీళ్లేగాక, గుండె కండరం మందంగా పెరిగిన పిల్లలు, పుట్టుకతో గుండెలో అదనపు విద్యుత్ తీగ ఉన్నవాళ్లు కూడా ఇలాగే పడొచ్చు. అయినా బడి పిల్లలందరికీ ఈసీజీ తీయించమని నేను అడగడంలేదు. జపాన్‌లో 1, 7, 10 తరగతుల పిల్లలకు తీస్తారు, వాళ్లకు చదివేవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఆ పని చేస్తే బాగున్న వేలమంది పిల్లలు అనుమానం కాగితాలు పట్టుకుని నగరాల చుట్టూ తిరుగుతారు. పడిపోయిన బిడ్డకు తీయమంటున్నాను. స్పృహ తప్పినవాళ్లకు మొదటి పరీక్షగా వివరాలు అడగడం, పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడడం, ఈసీజీ తీయడం అని 2017లో అమెరికా, 2018లో యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాలు రెండూ చెప్పాయి. మా ఊళ్లో ఈసీజీకి 300 రూపాయలు తీసుకుంటారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈసీజీ బాగుంటే అంతా బాగున్నట్టు కాదు. లాంగ్ క్యూటీ ఉన్నవాళ్లలోనే కొందరి కాగితం మామూలుగా ఉంటుంది. పరుగెత్తినప్పుడే బయటపడే మరో లయ జబ్బులో విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ పూర్తిగా నార్మల్. అందుకే ఎలా పడ్డారన్న కథకే ఎక్కువ విలువ. ఆ కథ చూసినవాళ్లు మీ టీచర్లు, మీ పిల్లలు. డాక్టరు దగ్గర ఉన్నది చీటీలోని ఒక్క మాట. ఈ కారణంగానే ఈ లేఖ ముందు ఆరోగ్యశాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

నేను అడుగుతున్నవి ఇవి.

1. ఎండలో అసెంబ్లీ పదిహేను నిమిషాలు దాటకూడదు. ప్రసంగాలు ఉంటే పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి చెప్పండి. నిలబెట్టక తప్పని రిహార్సళ్లలో పది నిమిషాలకోసారి నడిపించండి, లేదా మడమలు ఎత్తి దించమనండి, పిక్కలు కదిలితే చాలు. బడిలోకి రాగానే గ్లాసు నీళ్లు తాగించండి, టిఫిన్ తినని పిల్లలెవరో అడగండి. అన్నిటికంటే ముఖ్యం, కళ్లు తిరుగుతున్నాయనిపించిన బిడ్డ ఎవరి అనుమతీ అడక్కుండా అక్కడే కూర్చునే హక్కు ఉండాలి. ఆ తొమ్మిదో తరగతి పిల్లాడికి రెండు నిమిషాల ముందే తెలిసింది. కూర్చోనిచ్చి ఉంటే, కనీసం కాళ్లు కత్తెరలా వేసి తొడలు బిగపట్టమని ఎవరైనా నేర్పి ఉంటే, ఆ 18 వేలు మిగిలేవి.

2. పడిన బిడ్డను లేపకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోండి, మెడ దగ్గర గుండీలు విప్పండి, వాంతి వస్తుంటే పక్కకు తిప్పండి. పూర్తిగా తెలివి రాకుండా నోట్లో నీళ్లు పోయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాళాలు, ఉల్లిపాయ, చెంప మీద కొట్టడం వద్దు. తెలివి వచ్చాక పది పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి, కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టండి. పిలిస్తే పలకకుండా, ఊపిరి ఆగిపోయి గానీ, అప్పుడొకటి అప్పుడొకటి గురకలా ఎగపోస్తూ గానీ ఉంటే అది శోష కాదు. వెంటనే 108కు ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం మొదలుపెట్టాలి. ప్రతి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడికీ, మరో ఇద్దరికీ ఇది బొమ్మ మీద చేయించి నేర్పించాలి. ఒళ్లు కాలిపోతూ, తెలివి వచ్చినా తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీళ్లతో ఒళ్లంతా తడిపి విసురుతూ 108కు చెప్పండి.

3. రిజిస్టరులో 'కళ్లు తిరిగి పడిపోయెను' అన్న ఒక్క వాక్యం సరిపోదు. అదే రోజు, చూసిన పిల్లల్ని అడిగి ఒక పేజీ రాయాలి. ఎంతసేపటినుంచి నిలబడ్డారు? పడే ముందు కడుపులో తిప్పడం, చెమట, చూపు మసకబారడం ఉన్నాయా? మెల్లగా ఒరిగారా, ఒక్కసారిగా పడ్డారా, ముఖానికి దెబ్బ తగిలిందా? ఆ క్షణంలో పరుగెత్తుతున్నారా, ఏదైనా శబ్దమో భయమో ఉందా? గుండె దడదడలాడిందా, ఛాతీలో నొప్పి వచ్చిందా? ఎన్ని సెకన్లకు తెలివి వచ్చింది, వెంటనే మనుషుల్ని గుర్తుపట్టారా? తల్లిదండ్రులను అడగాల్సినవి రెండు: ఇంతకుముందు పడ్డారా, ఇంట్లో నలభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా లేదా నీళ్లలో మునిగిపోయారా. ఈ పేజీ జిరాక్సు బిడ్డతోపాటు ఆసుపత్రికి వెళ్లాలి. కారణం పేరు మాత్రం మీరు రాయొద్దు. 'ఫిట్స్', 'నీరసం', 'రక్తం తక్కువ' అన్నవి డాక్టరు తేల్చాల్సినవి. మూడోదాని గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉంది. అంటే ఏ అమ్మాయి పడినా రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువే కనబడే అవకాశం ఎక్కువ. దానికి మాత్రలు వేయాలి, కానీ అంతటితో విచారణ ఆపకూడదు.

4. మొదటిసారి స్పృహ తప్పిన ప్రతి బిడ్డకూ వారంలోపు ఈసీజీ తీయించేలా మీరూ ఆరోగ్యశాఖా కలిసి ఒక ఉత్తర్వు ఇవ్వాలి. పరుగులోనో, శబ్దానికో, ఏ సూచనా లేకుండానో, పడుకునో కూర్చునో ఉండగానో పడినా, ముఖానికి దెబ్బ తగిలినా, కుటుంబంలో చిన్న వయసు మరణం ఉన్నా అదే రోజు తీయించాలి. డాక్టరు చూసేదాకా ఆ బిడ్డ ఆటలకు, ఈతకు, పరేడ్‌కు వెళ్లకూడదు. ఆ ఖర్చు తల్లిదండ్రులపై పడకూడదు. కూలికి వెళ్లే తల్లి ఒక రోజు పని మానుకుని బిడ్డను తీసుకురావడమే ఎక్కువ.

5. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి బళ్లకు వస్తున్నాయి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, రుమాటిక్ గుండె జబ్బు కోసం స్టెతస్కోపుతో చూస్తాయి. లయ జబ్బులో గుండె చప్పుడు మామూలుగానే వినబడుతుంది. కాబట్టి ఆ కార్డులో రెండు ప్రశ్నలు చేర్చమని మీరు ఆరోగ్యశాఖకు రాయాలి: ఎప్పుడైనా స్పృహ తప్పావా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తు మరణం ఉందా. 'అవును' అన్న పిల్లల జాబితా చిన్నదే ఉంటుంది. వాళ్లకే ఈసీజీ.

వీటిలో మొదటి రెండూ రేపటినుంచే చేయొచ్చు, డబ్బు అక్కర్లేదు. మూడోదానికి ఒక కాగితం చాలు. ఆ పేజీని ఒకవైపు తెలుగులో తయారుచేశాను, అడిగిన ఏ బడికైనా ఇస్తాను. మా మండలంలో ఏ బడికైనా శనివారం మధ్యాహ్నాలు వచ్చి, ఛాతీ నొక్కడం బొమ్మ మీద నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను. నాలుగు, ఐదు అంశాలపై మీ నిర్ణయం ఏమిటో, కుదరదంటే ఎందుకు కుదరదో, జూన్ నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. ఈసారి రసీదు నంబరు వద్దు, జవాబు కావాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మాత్రలు మానలేదు, మళ్లీ పడలేదు. కొత్త కాలేజీలో జెండా వందనానికి నిలబడొచ్చా అని మొన్న అడిగింది. నిలబడొచ్చన్నాను, డ్రమ్ముకు దూరంగా, నీడలో, తన జబ్బు గురించి తెలిసిన ఒక లెక్చరర్ పక్కన. ఆ లెక్చరర్‌కు చూపించడానికి ఒక చీటీ రాయమంది. రాసిచ్చాను. అలాంటి చీటీ ఎవరికి ఇవ్వాలో, దాన్ని ఎక్కడ భద్రపరచాలో మీ బళ్లలో ఇంకా ఒక పద్ధతి లేదు. అది కూడా మీ జవాబులో చేర్చండి.

గౌరవంతో,
పల్నాడులోని ఒక మండల కేంద్రం నుంచి
ఒక జనరల్ ఫిజీషియన్